గీజర్ తప్పు కాదు: ముసురు పట్టినప్పుడు గోడ ఎందుకు జిల్లుమంటుంది

"గీజర్ ఎలిమెంటు రెండుసార్లు మార్పించాం బాబూ. అయినా స్విచ్ వేయగానే ఇల్లంతా కరెంటు పోతోంది."

విజయనగరం నుంచి నెల్లిమర్ల వెళ్లే దారిలో ఉన్న ఒక ఇంటి మాస్టారు ఫోన్ చేసి చెప్పిన మాట ఇది. ఆ ఏడు పైడితల్లమ్మ సిరిమానోత్సవం అయిన మర్నాటి నుంచే ముసురు పట్టింది. నాలుగో రోజుకి వాళ్లింట్లో రెండు గొడవలు మొదలయ్యాయి. ఒకటి ఈ గీజర్‌ది. రెండోది ఆయన చెప్పనే లేదు. వెనక నుంచి వాళ్లమ్మగారు అరిచారు: "పడగ్గదిలో సుచ్చి కాడ గోడ జిల్లుమంటంది, అది సెప్పవేటి?"

గీజర్ ఉన్నది ఇంటికి ఈ కొసన, ఆ గోడ ఉన్నది ఆ కొసన. రెండింటికీ సంబంధం లేదని మాస్టారి నమ్మకం. నాకు మాత్రం మామ్మగారి మాటే ముందు పట్టుకోవలసింది అనిపించింది.

ఇంటి కరెంటుని గదులకి పంచే డీబీ డబ్బా తెరిస్తే వరసగా కనిపించే సన్నటి స్విచ్‌లు ఎంసీబీలు. మనవాళ్లు ట్రిప్పర్లు అంటారు. ఫేజూ న్యూట్రలూ ఒకదానికొకటి తగిలినా, వైరు మోయలేనంత లోడు పడినా అవి పడతాయి. ఆరో పదో ఆంపియర్లు దాటితే తప్ప వాటిలో చలనం ఉండదు. తడిసిన గోడలోకి జారే కరెంటు ఆంపియర్‌లో వందో వంతు. అది ఎంసీబీ కంటికి ఆనదు. దాన్ని పట్టేది వాటి పక్కనే కాస్త వెడల్పుగా, ఒక చిన్న టెస్ట్ బటన్‌తో ఉండే ఆర్‌సీసీబీ. ఫేజులో ఎంత వెళ్లింది, న్యూట్రల్‌లో ఎంత తిరిగొచ్చింది అన్నదొక్కటే దాని లెక్క. తేడా వచ్చిందంటే ఆ మేరకు కరెంటు వేరే దారిన, గోడలోంచో మనిషిలోంచో నేలలోకి పోతోందని అర్థం. ఇళ్లలో పెట్టే వాటి మీద 30 మిల్లీ ఆంపియర్లు అని ఉంటుంది. ప్రమాణం ప్రకారం 15 వరకు అది పడకూడదు, 30 వచ్చేసరికి పడి తీరాలి. ఈ మధ్యలో ఎక్కడ పడుతుందన్నది ఒక్కో దానికి ఒక్కోలా ఉంటుంది.

తిరకాసు ఎక్కడుందంటే, ఆర్‌సీసీబీ ఇల్లు మొత్తానికి ఒక్కటే. ఫ్రిజ్ నుంచి కాస్త, వాషింగ్ మెషిన్ నుంచి కాస్త, కంప్యూటర్, ఎల్ఈడీ బల్బుల నుంచి కాస్త... అన్ని తేడాలనూ కలిపి చూస్తుంది. ఏది ఎంత కలిపిందో చెప్పదు. నిండిన బకెట్‌లో ఆఖరి చెంబు పోసినవాడి మీద అందరూ పడ్డట్టు, చివరగా స్విచ్ వేసిన వస్తువు మీద నింద పడుతుంది.

ఆ ఇంటికి వెళ్లి ముందు చేసింది కొలవడం. లీకేజీ కొలిచే క్లాంప్ మీటర్ ఒకటి ఉంటుంది. మామూలు క్లాంప్ మీటర్‌లా ఒక్క వైరుని కాకుండా, ఫేజునీ న్యూట్రల్‌నీ కలిపి దాని దవడల మధ్య పెట్టాలి. వెళ్లేదీ వచ్చేదీ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, తేడా ఒక్కటే మీటర్ మీద మిగులుతుంది. గీజర్ ఆపి ఉండగా మెయిన్ దగ్గర 14 మిల్లీ ఆంపియర్లు వచ్చింది. పొడి రోజుల్లో ఆపాటి ఇంటికి నాలుగో ఐదో ఉంటే సహజం. గీజర్ వేయించాను. మీటర్ 20 చూపించింది, ఆర్‌సీసీబీ టక్కున పడింది.

అంటే గీజర్ వాటా ఆరే. అది కూడా ఎలిమెంటు లోపల నింపిన పొడుం చెమ్మ పీల్చుకోవడం వల్ల వచ్చేది. పది నిమిషాలు వేడెక్కితే దానంతటదే చాలా వరకు తగ్గిపోతుంది. ఇక్కడేమో వేయగానే పడిపోతోంది కాబట్టి వేడెక్కదు, వేడెక్కదు కాబట్టి చెమ్మ పోదు. షాపులో ఎన్నాళ్లో పడి ఉన్న కొత్త ఎలిమెంటు తెచ్చి బిగించినా ఇదే కథ. ఇద్దరు పనివాళ్లు రెండు ఎలిమెంట్లు మార్చారంటే వాళ్లని మరీ తప్పు పట్టలేను. గీజర్ ఆపితే ట్రిప్ ఆగుతోంది కదా, ఎవరికైనా అలాగే అనిపిస్తుంది.

మిగిలిన 14 ఎక్కడిదో తేల్చడానికి ఎంసీబీలు ఒక్కొక్కటే దించి, చూసి, మళ్లీ లేపుతూ వచ్చాను. వంటిల్లు దించితే ఒకటి తగ్గింది, హాలు దించితే అర. పడగ్గది, వరండా కలిసి ఉన్న ఎంసీబీ దించేసరికి 14 కాస్తా 5కి పడిపోయింది. తొమ్మిది మిల్లీ ఆంపియర్లు ఆ ఒక్క సర్క్యూట్‌లోనే జారిపోతున్నాయి. మామ్మగారు చెప్పిన గోడ అక్కడిదే.

క్లాంప్ మీటర్ లేని ఇంట్లో కూడా ఈ పని కొంతవరకు చేయొచ్చు. అన్ని ఎంసీబీలూ దించి, ఆర్‌సీసీబీ లేపి, ఒక్కొక్కటే పైకి వేస్తూ పోవడం. కానీ లీకేజీ ఇలా నాలుగు చోట్ల పంచుకుని ఉన్నప్పుడు ఆ పద్ధతి మోసం చేస్తుంది. చివర వేసింది ఏదైతే అదే దొంగలా కనిపిస్తుంది. అందుకే వరస మార్చి రెండు మూడుసార్లు చేసి చూడాలి.

తర్వాత గోడ. స్విచ్‌బోర్డు ప్లేటుకి ఉన్న స్క్రూ మీద టెస్టర్ పెడితే వెలిగింది. టెస్టర్ వెలగడం సాక్ష్యం కాదు. అందులో నియాన్ బల్బుకి మైక్రో ఆంపియర్లు చాలు. పక్కన ఫేజు వైరు నడుస్తుంటే చాలు, ఏ సంబంధం లేని ఇనప ముక్క మీద కూడా అది మిణుకుమంటుంది. మల్టీమీటర్‌తో స్క్రూకీ సాకెట్ ఎర్తుకీ మధ్య చూశాను. 88 వోల్టులు. డిజిటల్ మీటర్లు కూడా ఉత్తుత్తి వోల్టేజీలు చూపిస్తాయి కాబట్టి, ఆ రెండు చోట్లకే పాత 15 వాట్ల ఫిలమెంటు బల్బు ఒకటి తగిలించి మళ్లీ చూశాను. వోల్టేజి మూడుకి పడిపోయింది, బల్బు వెలగలేదు. ఫేజు వైరు నేరుగా ప్లేటు వెనక గోడలో ఉండే ఇనప బాక్సుకి తగిలి ఉంటే బల్బు భగ్గున వెలిగేది. అంటే ఫేజుకీ ఈ ఇనప బాక్సుకీ మధ్య ఏదో అడ్డం ఉంది. క్లాంప్‌లో కనిపించిన తొమ్మిది మిల్లీ ఆంపియర్లతో కలిపి చూస్తే ఆ అడ్డం ఏమిటో ఊహించడం కష్టం కాదు. నీళ్లు.

ఈ బల్బు పరీక్ష ఇంట్లోవాళ్లు చేసేది కాదు. కరెంటు ఉండగా చేయాలి, చెయ్యి జారితే ప్రాణం మీదకొస్తుంది.

చిన్న షాకే కదా అని ఊరుకునేవాళ్లకి ఈ 88 వోల్టుల సంగతి చెప్పాలి. పొడి గచ్చు మీద నిలబడి ముట్టుకుంటే, మనిషి కాళ్ల కింది పొడితనం అడ్డుపడి ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లే ఒంట్లోంచి పోతాయి. జిల్లు అంటుంది, అంతే. స్నానం చేసి తడి కాళ్లతో వచ్చి అదే స్క్రూ ముట్టుకుంటే పది దాకా పోవచ్చు. ఇంచుమించు అక్కడే చేతి కండరాలు బిగుసుకుని వదిలించుకోవడం కష్టమవుతుంది. మారింది గోడ కాదు, మనిషి పాదాలు. ఇది ఇవాళ్టి లెక్క. రేపు ఇంకో గ్లాసు నీళ్లు చేరితే లెక్క మళ్లీ మారుతుంది.

మరి అన్ని ఇళ్లలో గోడ షాక్ కొట్టదు, కొన్నింట్లో ట్రిప్ మాత్రమే అవుతుంది. ఇంకొన్నింట్లో షాక్ కొడుతుంది కానీ ట్రిప్ అవదు. తేడా ఎర్తు దగ్గర ఉంది. గోడలోని ఇనప బాక్సుకి ఎర్తు వైరు సరిగ్గా బిగించి ఉంటే, జారే కరెంటు దాని గుండా హాయిగా నేలలోకి పోతుంది. బాక్సు మీద వోల్టేజి నిలవదు, షాక్ ఉండదు, లీకేజీ పెరిగితే ఆర్‌సీసీబీ పడుతుంది. బాక్సుకి ఎర్తు లేకపోతే కరెంటు బాక్సులో ఆగి, తడి ప్లాస్టరింగ్‌లోకి పాకుతుంది. అప్పుడు గోడే జిల్లుమంటుంది. చాలా ఇళ్లలో ఎర్తు వైరు సాకెట్ పిన్ను దాకానే వస్తుంది. బాక్సుకి ఒక చిన్న ముక్క తగిలించే ఓపిక ఎవరికీ ఉండదు. ఈ ఇంట్లోనూ అంతే.

ఇక ప్లేటు విప్పాలి. మెయిన్ ఆపాను. ఆపితే చాలదు, ఇన్వర్టర్‌నీ దాని స్విచ్ దగ్గర ఆపాలి. పడగ్గది లైటూ ఫ్యానూ దాని మీద ఉన్నాయి. వీధిలో కరెంటు పోయిన రాత్రి కూడా గోడ జిల్లుమందని మామ్మగారు చెబితే ఇంట్లో ఎవరూ నమ్మలేదట. ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు కూడా ఆ వైర్లలో 230 వోల్టులే ఉంటాయి. పైగా ఆర్‌సీసీబీ ఇన్వర్టర్‌కి ముందు ఉంటుంది కాబట్టి, బ్యాటరీ మీద ఉన్నంతసేపు అది కాపలా కాయదు. ఆమె చెప్పింది అక్షరాలా నిజం.

నాలుగు స్క్రూలు వదులు చేసి ప్లేటు ముందుకి లాగేసరికి, కింది అంచు నుంచి తుప్పు రంగు నీళ్లు కారి గోడ మీద చారలు కట్టాయి. రెండు మూడు చెంచాలు ఉంటాయేమో. బాక్సు అడుగున ఇంకా అంత నిలిచి ఉంది. అందులో మునిగి ఒక ఫేజు జాయింటు. హాలు వైపు నుంచి వచ్చిన వైరుని వరండాకి వెళ్లే వైరుతో మెలిపెట్టి, నల్ల టేపు చుట్టారు. టేపు జిగురు కరిగి జారిపోయింది, చుట్ల మధ్య రాగి మీద పచ్చగా చిలుము పట్టింది.

పీవీసీ తొడుగు చెక్కుచెదరకుండా ఉన్న వైరు నాలుగు రోజులు తడిసినా అంత తొందరగా లీకవదు. లీకయ్యేది తొడుగు తీసిన చోట. టేపు జాయింట్లు, స్విచ్ టెర్మినళ్లు, పైపులో లాగేటప్పుడు గీసుకుపోయిన చోట, ఫొటో తగిలించడానికి కొట్టిన మేకు గీరిన చోట. కాబట్టి కన్సీల్డ్ వైరింగ్‌లో తడి వెతకడమంటే గోడంతా తవ్వడం కాదు, జాయింట్లు ఎక్కడున్నాయో వెతకడం. విప్పే ముందు ఇంకో చిన్న పరీక్ష కూడా చేశాను. ఆ గదిలో ఫ్యాను, లైటు స్విచ్‌లన్నీ ఆపినా తొమ్మిది తొమ్మిదిగానే ఉంది. ఫ్యాను స్విచ్ ఆపగానే లీకేజీ తగ్గి ఉంటే, తడి స్విచ్ దాటిన తర్వాత, అంటే పైన ఫ్యాన్ బాక్సులో ఉందని వెతికేవాణ్ణి. తగ్గలేదు కాబట్టి స్విచ్‌కి ముందే, బోర్డుకి వచ్చే ఫేజులోనే ఉంది.

అనుమానం తీరడానికి మెగ్గర్ పెట్టాను. ఇది 500 వోల్టుల డీసీ పంపి తొడుగు ఎంత గట్టిగా ఉందో చెప్పే మీటర్. ముందు బల్బులు, ఫ్యాన్ రెగ్యులేటర్, ప్లగ్గుల్లో ఉన్నవన్నీ తీసేయాలి. లేకపోతే ఆ 500 వోల్టులకి వాటిలోని ఎలక్ట్రానిక్స్ పోతాయి. సర్క్యూట్ ఫేజూ న్యూట్రలూ డీబీ దగ్గర విప్పి, ఫేజుకీ ఎర్తుకీ మధ్య చూస్తే 0.03 మెగా ఓమ్. ఇంటి వైరింగ్‌కి ఒక మెగా ఓమ్ తక్కువలో తక్కువ ఉండాలి. 230 వోల్టుల్ని 0.03 మెగా ఓమ్‌తో భాగిస్తే దాదాపు ఎనిమిది మిల్లీ ఆంపియర్లు. క్లాంప్ మీటర్ చెప్పిన తొమ్మిదికి దగ్గరగానే ఉంది. రెండు వేర్వేరు మీటర్లు ఒకే మాట చెప్పాయంటే ఇక దారి తప్పలేదని ధైర్యం. జాయింటు విప్పి రెండు వైర్లనీ గాల్లోకి విడదీసి మళ్లీ కొలిచాను. హాలు వైపు 60, వరండా వైపు 35 మెగా ఓమ్‌లు. వైర్లు రెండూ భేషుగ్గా ఉన్నాయి. జబ్బంతా ఆ రెండంగుళాల టేపులోనే.

ఇలా నీళ్లు కంటికి కనపడని ఇళ్లలో ఇదే పద్ధతిని సగం సగంగా చేయాలి. సర్క్యూట్ మధ్యలో ఉన్న బోర్డు దగ్గర విడదీసి రెండు వైపులా కొలిస్తే, తక్కువ వచ్చిన సగంలో తడి ఉంది. దాని మధ్యలో మళ్లీ విడదీయాలి. మూడు నాలుగు విడతల్లో ఒక్క పైపు ముక్క మిగులుతుంది.

మరి బాక్సులోకి నీళ్లెలా వచ్చాయి? గోడ మీద తడి మచ్చ ఆకారం చాలా చెబుతుంది. స్లాబు నుంచి కారితే మచ్చ పైనుంచి కిందికి దిగుతుంది. నేలలోంచి చెమ్మ ఎక్కితే కింద మొదలై, అడుగున ఉప్పు తెల్లగా పొట్టు లేస్తుంది. ఇక్కడ బోర్డుకి పైన గోడ పొడిగా ఉంది. మచ్చ బోర్డు దగ్గర పుట్టి కిందికి వేలాడుతోంది. అంటే నీళ్లు పైపులోంచే దిగాయి. బాక్సులోకి పైనుంచి మూడు పైపులు వస్తున్నాయి. మూడింటి మూతుల్లోనూ తలా ఒక టిష్యూ పేపరు ఉండ దోపి, మాస్టారి భార్య ఇచ్చిన టీ తాగి వచ్చాను. బయట వాన పడుతూనే ఉంది. అరగంటకి రెండు ఉండలు పొడిగా ఉన్నాయి, మూడోది పిండితే కారుతోంది.

ఆ మూడో పైపులో వైరే లేదు.

మాస్టారిని అడిగితే ముందు గుర్తు రాలేదు. డాబా ఎక్కి చూస్తే తేలింది. రేపెప్పుడో పై అంతస్తు వేసుకోవచ్చని పిల్లర్ ఊచలు వదిలేసినట్టే, వాటి పక్కన ఒక కరెంటు పైపు మూతిని కూడా పైకి వదిలేశారు. కట్టినప్పుడు దానికి పాలిథిన్ కవరు చుట్టి తాడు కట్టారట. ఎండకి ఆ కవరు ఎప్పుడో పొడుం పొడుం అయిపోయింది. మామూలు వానకి అందులో పడే నాలుగు చుక్కలు దారిలోనే ఆరిపోయేవి. నాలుగు రోజుల ముసురుకి మాత్రం స్లాబు పైపు గుండా నేరుగా పడగ్గది బోర్డులోకి కాలువ కట్టింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సగం కట్టి ఊచలు వదిలేసిన డాబాలకి లెక్కే లేదు. షాక్ కొట్టే గోడ అనగానే నేను ముందు మీటర్ కాదు, మెట్లు వెతుక్కోవడం అలవాటైంది ఆ రోజు నుంచే.

బాగు చేయడం పెద్ద పనేమీ కాదు. పైన మూతికి సొల్యూషన్ పూసి ఎండ్ క్యాప్ బిగించాం. చిలుము పట్టిన రాగి కోసేసి, మంచి రాగి తగిలేదాకా వైరు వెనక్కి ఒలిచి, టేపు బదులు స్క్రూ కనెక్టర్ పెట్టాను. దాన్ని బాక్సు అడుగున కాకుండా పైభాగానికి చేర్చాను. మళ్లీ ఎప్పుడైనా నీళ్లొచ్చినా ముందు మునిగేది అది కాకూడదు. బాక్సుకి పచ్చ వైరు ముక్కతో ఎర్తు ఇచ్చాను. పైపు కింది మూతిని మాత్రం ఏ సిలికాన్‌తోనూ మూయలేదు. పైన మిగిలిన తడి దిగడానికి దారుండాలి.

ఆరడమే ఆలస్యం. ప్లేటు తీసి ఉంచి, ఆ సర్క్యూట్ డీబీ దగ్గర విప్పేసి, వేరే గది సాకెట్ నుంచి టేబుల్ ఫ్యాను పెట్టించాను. మర్నాడు పొద్దున 1.8 మెగా ఓమ్, నాలుగో రోజుకి 20 దాటింది. 1.8 వచ్చినప్పుడే కలిపేయమని మాస్టారు తొందర పెట్టారు, లెక్క ప్రకారం కలపొచ్చు కూడా. తడి ప్లాస్టరింగ్ ఇంకా బాక్సుని అంటుకుని ఉండగా నాకు మనసొప్పలేదు.

ఈ వరసకి లొంగని ఇళ్లూ ఉన్నాయి. అన్ని ఎంసీబీలూ దించాక కూడా ఆర్‌సీసీబీ పడుతుంటే తప్పు చాలావరకు ఫేజుది కాదు, న్యూట్రల్‌ది. ఇళ్లలో వాడే ఎంసీబీ ఫేజుని మాత్రమే తెంపుతుంది, న్యూట్రల్ అలాగే కలిసి ఉంటుంది. ఎక్కడో న్యూట్రల్ వైరు తొడుగు చితికి తడి బాక్సుకి ఆనుకుంటే, ఎంసీబీలు లేపి ఇంట్లో ఏ పెద్ద లోడు వేసినా కొంత కరెంటు ఆ దారిన పోయి ఆర్‌సీసీబీ పడుతుంది. మోటారు వేస్తే పడుతుంది, ఇస్త్రీ పెట్టె వేసినా పడుతుంది, రెండింటిలోనూ తప్పుండదు. అప్పుడు డీబీలో న్యూట్రల్ లింకు నుంచి వైర్లు ఒక్కొక్కటే విప్పి మెగ్గర్ పెట్టడం తప్ప దగ్గరి దారి లేదు.

భోగాపురం, పూసపాటిరేగ, కళింగపట్నం వైపు సముద్రానికి దగ్గరున్న ఇళ్లలో వాన పడకపోయినా ఈ బాధ ఉంటుంది. గాలితో వచ్చే ఉప్పు స్విచ్‌ల లోపల పలచగా పేరుకుంటుంది. ఉప్పు గాల్లోని చెమ్మని లాక్కుంటుంది కాబట్టి మబ్బు పడితే చాలు, స్విచ్ ఒంటి మీదే కరెంటు పాకుతుంది. అక్కడ పైపుల్లో నీళ్ల కోసం వెతికి లాభం లేదు, స్విచ్‌లే మార్చాలి. ఇంకో రకం ఇళ్లలో స్లాబులో పైపు కూలిపోయి వైరు కదలదు. లాగితే తెగుతుంది. అలాంటప్పుడు ఆ ముక్కని రెండు వైపులా విప్పి వదిలేసి, గోడ మీద కేసింగ్ పట్టీలో కొత్త వైరు తీసుకెళ్లమంటాను. అందం పోతుందని ఒప్పుకోరు.

అన్నిటికంటే ఎక్కువగా చూసేది ఇంకోటుంది. మాటిమాటికీ పడుతోందని ఆర్‌సీసీబీని దాటవేసి నేరుగా వైరు కలిపేయడం. మాస్టారి ఇంట్లో రెండోసారి ఎలిమెంటు మార్చినాయన ఆ సలహా ఇచ్చాడట. కలిపి ఉంటే గీజర్ హాయిగా నడిచేది, 88 వోల్టుల గోడ అలాగే ఉండేది.

బాగు చేశాక పొడి రోజున వచ్చిన అంకె చూసి నమ్మకూడదు. నాలుగు రోజులు ఎండ కాస్తే చెడ్డ జాయింటు కూడా మంచి అంకె చూపిస్తుంది. వారం తర్వాత వెళ్లి, డాబా మీద ఆ క్యాప్ చుట్టూ రెండు బకెట్లు పోయించి, గంట ఆగి కొలిచాను. 40 మెగా ఓమ్‌లు. మెయిన్ దగ్గర మొత్తం లీకేజీ ఐదు. గీజర్ వేస్తే పదకొండు, పావుగంటకి ఆరు. మామ్మగారు మాత్రం చెప్పులేసుకుని వచ్చి, వేలి వెనక వైపుతో గోడని ఒకసారి తాకి చూసుకుని వెళ్లారు.